స్టేబుల్‌కాయిన్‌తో ఇంటికి డబ్బు పంపడం ఎలా: వెయ్యి డాలర్లలో ఎక్కడెక్కడ ఎంత పోతుంది

డాలస్‌లో పనిచేసే ఓ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ గుంటూరులో ఉన్న నాన్నకు వెయ్యి డాలర్లను యూఎస్‌డీసీ రూపంలో, అంటే విలువ ఒక డాలరు దగ్గరే నిలిచేలా జారీ చేసే స్టేబుల్‌కాయిన్ రూపంలో పంపాడు అనుకుందాం. నెట్‌వర్క్ ఫీజు ఎంతో ముందే చూసుకున్నాడు, ఆరు డాలర్లు. ఆ రోజు డాలరు 90 రూపాయలు. కాబట్టి అటూ ఇటూగా 89,500 వస్తాయని ఇంట్లో చెప్పాడు. మర్నాడు నాన్న ఫోన్ చేశాడు. "ఏరా అబ్బాయ్, ఎనభై మూడు వేల ఐదొందలే పడ్డాయి. మిగతాది ఎప్పుడు పడుతుంది?"

మిగతాది పడదు. 90,000 రావాల్సిన చోట 83,512 వచ్చాయి, అంటే 6,488 రూపాయలు దారిలో పోయాయి. అందులో డెబిట్ కార్డుతో కాయిన్ కొన్నందుకు 3.5 శాతం, 3,150 రూపాయలు. నెట్‌వర్క్ ఫీజు 540. ఇండియా ఎక్స్ఛేంజ్‌లో "ఇన్‌స్టంట్ సెల్" బటన్ నొక్కితే రేటు 88.50 దగ్గర తెగింది, దాంతో 1,438 పోయాయి. ఎక్స్ఛేంజ్ అర శాతం ఫీజు, దాని మీద జీఎస్టీ కలిపి 501. టీడీఎస్ 849. బ్యాంకుకు మార్చుకున్నందుకు 10.

అతను జాగ్రత్తగా చూసుకున్నది 540 రూపాయల దగ్గర. డబ్బు పోయింది మిగతా చోట్ల. స్టేబుల్‌కాయిన్ ఫీజుల విషయంలో తెలియాల్సింది ప్రధానంగా ఇదే: కాయిన్ ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్లడం చవక. డాలరు కాయిన్‌గా మారేటప్పుడు, కాయిన్ రూపాయిగా మారేటప్పుడు ఖరీదు. ఆ రెండు చివర్లనూ ఎలా దాటాలో, ఆ తర్వాత వచ్చే పన్నును ఎలా లెక్కగట్టాలో వరసగా చూద్దాం. ఇక్కడ వాడిన మారకపు రేట్లు, ఎక్స్ఛేంజ్ ఫీజులు లెక్క కోసం తీసుకున్నవి. మీరు పంపే రోజు మీ స్క్రీన్ మీద కనిపించేవి వేసుకోండి. పన్ను శాతాలు మాత్రం చట్టంలో ఉన్నవే.

ముందు ఒక హద్దు తెలుసుకోండి

విదేశాల నుంచి ఇండియాకు సొంత మనుషులకు డబ్బు రావడానికి అధికారిక దారులు బ్యాంకులు, ఆర్‌బీఐ అనుమతితో నడిచే రెమిటెన్స్ సంస్థలు. స్టేబుల్‌కాయిన్ ఆ జాబితాలో లేదు. నాన్న అకౌంట్లో పడేది చట్టం దృష్టిలో "కొడుకు అమెరికా నుంచి పంపిన డబ్బు" కాదు, "నాన్న ఇండియాలో క్రిప్టో అమ్ముకుంటే వచ్చిన డబ్బు". ఈ తేడా ఏదో మాటవరసకు చెప్పేది కాదు, దీని ఫలితాలు చాలా దూరం వెళ్తాయి.

మొదటిది, విదేశీ మారక ద్రవ్యం వచ్చినట్టు బ్యాంకు ఇచ్చే సర్టిఫికెట్ దీనికి రాదు. రేపు అదే డబ్బుతో ఇల్లు కొన్నా, సొమ్ము ఎక్కడిదని ఎవరైనా అడిగినా, చూపించడానికి ఆ కాగితం ఉండదు. రెండోది, ఈ సొమ్మును మీ ఎన్ఆర్ఈ అకౌంట్లో వేయడానికి లేదు, ఎందుకంటే ఎన్ఆర్ఈలోకి బ్యాంకు దారిలో వచ్చిన విదేశీ ద్రవ్యమే రావాలి. ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి, తర్వాత ఎప్పుడైనా వెనక్కి అమెరికాకు తీసుకెళ్లే ఉద్దేశం ఉంటే ఈ దారి మీది కాదు, ఇక్కడే ఆగిపోండి. పంపేది పెద్ద మొత్తమైతే విదేశీ మారక చట్టం తెలిసిన ఆడిటర్‌ను ముందే అడగండి, పంపాక కాదు.

మొదటి అడుగు: పోల్చుకోవడానికి ఒక అంకె పట్టుకోండి

కాయిన్ కొనకముందే మామూలు రెమిటెన్స్ యాప్ తెరిచి వెయ్యి డాలర్లకు ఎన్ని రూపాయలు చేతికొస్తాయో రాసి పెట్టుకోండి. "ఫీజు సున్నా" అన్న మాట పట్టించుకోవద్దు. ఫీజు తీసుకోని చోట రేటులో కోస్తారు, రేటు మార్కెట్‌దే ఇచ్చే చోట ఫీజు తీసుకుంటారు. కావలసింది చివరి అంకె ఒక్కటే. అమెరికా నుంచి ఇండియాకు పంపే దారిలో పోటీ ఎక్కువ, అందుకే బ్యాంకు అకౌంట్ నుంచి పంపితే మార్కెట్ రేటుకు శాతం లోపు తేడాతోనే సాధారణంగా అయిపోతుంది. మన లెక్కకు 89,500 అనుకుందాం.

బ్యాంకు వైర్‌ను దీనితో పోల్చకండి. అందులో పంపే బ్యాంకు ఫీజు ఉంటుంది, మధ్యలో ఇంకో బ్యాంకు ఉంటే అదీ కొంత కోసుకుంటుంది, ఇండియాలో బ్యాంకు మారకం మీద జీఎస్టీ తీసుకుంటుంది. వైర్ పక్కన పెట్టి చూస్తే ఏదైనా చవకగానే కనిపిస్తుంది.

2026 జనవరి 1 నుంచి అమెరికాలో రెమిటెన్స్‌ల మీద 1 శాతం పన్ను వచ్చింది కదా, దాన్ని తప్పించుకోవడానికే స్టేబుల్‌కాయిన్ అని కొందరు చెప్తుంటారు. ఆ పన్ను నగదు, మనీ ఆర్డర్, క్యాషియర్స్ చెక్కు లాంటివాటితో పంపేవాళ్లకే. అమెరికా బ్యాంకు అకౌంట్ నుంచో, అక్కడి డెబిట్ కార్డుతోనో పంపితే అది పడదు. జీతం అకౌంట్ నుంచి పంపే ఇంజినీర్‌కు ఆ కారణం వర్తించదు.

పోల్చడానికి ఒకటే సూత్రం:

```
అసలు రేటు = ఇంట్లో పడిన రూపాయలు ÷ మీ అకౌంట్ నుంచి పోయిన డాలర్లు
83,512 ÷ 1,000 = 83.51
89,500 ÷ 1,000 = 89.50
```

ఏ యాప్ ఎలా చూపించినా, ఎన్ని రకాల ఫీజుల పేర్లు పెట్టినా, ఈ ఒక్క భాగాహారంతో అన్నీ ఒకే వరసలోకి వస్తాయి.

రెండో అడుగు: డాలర్లను కాయిన్‌గా మార్చడం

మీ రాష్ట్రంలో లైసెన్స్ ఉన్న అమెరికన్ ఎక్స్ఛేంజ్‌లో అకౌంట్ తెరిచి, బ్యాంకు అకౌంట్‌ను ఏసీహెచ్‌తో కలపండి. డెబిట్ కార్డు వద్దు. కార్డు కంపెనీకి ఎక్స్ఛేంజ్ కట్టాల్సింది మీ మీదే పడుతుంది, అందుకే ఆ 3.5 శాతం. ఏసీహెచ్‌కు సాధారణంగా ఫీజు ఉండదు, దాని ఖరీదు సమయం. కాయిన్ వెంటనే మీ అకౌంట్లో కనిపిస్తుంది గానీ, కొన్ని రోజుల దాకా బయటకు పంపనివ్వరు. బ్యాంకు ఆ డెబిట్‌ను వెనక్కి తిప్పే అవకాశం అన్నాళ్లు ఉంటుంది కాబట్టి ఎక్స్ఛేంజ్ జాగ్రత్త పడుతుంది. బ్యాలెన్స్ పక్కన "విత్‌డ్రా చేయడానికి అందుబాటులో ఉన్నది" అనే అంకె వేరుగా ఉంటుంది, చూడాల్సింది దాన్నే. స్టేబుల్‌కాయిన్‌తో రెండు నిమిషాల్లో డబ్బు చేరుతుందని కొందరు చెప్పే మాట ఇక్కడే తేలిపోతుంది.

ఏ కాయిన్? అమెరికాలో మొదలయ్యే దారికి యూఎస్‌డీసీ సులువు, పెద్ద ఎక్స్ఛేంజ్‌ల్లో డాలరుకు ఒకటి చొప్పున రేటు కోత లేకుండా దొరుకుతుంది. యూఎస్‌డీటీ అనే ఇంకో డాలరు కాయిన్‌కు ఇండియాలో కొనేవాళ్లు ఎక్కువ. కానీ అమెరికాలో యూఎస్‌డీసీ కొని, దాన్ని యూఎస్‌డీటీగా మార్చి పంపితే ఇంకో ట్రేడ్ ఫీజు అదనం. నాన్న ఎక్స్ఛేంజ్‌లో యూఎస్‌డీసీని రూపాయల్లో నేరుగా అమ్మే ఆర్డర్ బుక్ ఉందో లేదో ముందు చూడండి. ఉంటే మార్చే పని లేదు. లేకపోతే మాత్రం ఎక్కడో ఒక చోట మార్చాలి, ఆ మార్చడం అమెరికా వైపే చేయండి. ఇండియాలో ఒక కాయిన్ ఇచ్చి ఇంకో కాయిన్ తీసుకోవడమూ అమ్మకమే, దాని మీదా టీడీఎస్ పడుతుంది. పైగా రూపాయల్లోకి మార్చేటప్పుడు మళ్లీ పడుతుంది.

కొన్న కాయిన్‌ను దాచుకోకండి. 2023 మార్చి 10న, శుక్రవారం, సిలికాన్ వ్యాలీ బ్యాంకు మూతపడింది. యూఎస్‌డీసీ నిల్వల్లో 330 కోట్ల డాలర్లు అందులో ఉన్నాయని బయటపడేసరికి శనివారం ఆ కాయిన్ 88 సెంట్ల దగ్గరికి జారింది. సోమవారం మళ్లీ డాలరుకు చేరింది. బ్యాంకులు మూసి ఉన్న ఆ రెండు రోజుల్లో అవసరం పడి అమ్మినవాళ్లు మాత్రం నష్టపోయారు. అందుకే విత్‌డ్రా చేయనిచ్చాక కాయిన్ మీ చేతిలో ఉండే సమయం గంటల్లోనే ఉండాలి, అది వారం మధ్యలో అయితే మరీ మంచిది.

మూడో అడుగు: నెట్‌వర్క్, అడ్రస్

ఒకే కాయిన్ వేర్వేరు బ్లాక్‌చెయిన్ నెట్‌వర్క్‌ల మీద వెళ్తుంది. ఎథీరియం మీద పంపితే ఫీజు ఆ సమయానికి నెట్‌వర్క్ ఎంత రద్దీగా ఉందో దాన్ని బట్టి మారుతుంది. పంపే మొత్తంతో దానికి సంబంధం లేదు, పది డాలర్లకూ పదివేలకూ ఒకటే. సొలానా మీద మూల ఫీజు ఒక సంతకానికి 0.000005 సోల్, పైసల్లో మాట. ట్రాన్ మీద యూఎస్‌డీటీ పంపేవాళ్లు గమనించాల్సింది ఒకటుంది: తీసుకునే అడ్రస్‌లో అంతకుముందు యూఎస్‌డీటీ అసలు లేకపోతే ఫీజు దాదాపు రెట్టింపు పడుతుంది, కొత్తగా ఖాతా వరస రాయడానికి, ట్రాన్‌లో ఫీజు లెక్కగట్టే ఎనర్జీ అనే యూనిట్ ఎక్కువ ఖర్చవుతుంది కాబట్టి. ఎక్స్ఛేంజ్ నుంచి పంపుతుంటే వాళ్లు వేసే విత్‌డ్రాయల్ ఫీజే మీకు వర్తిస్తుంది, అది నెట్‌వర్క్ అసలు ఖర్చు కంటే ఎక్కువే ఉండొచ్చు.

చవక నెట్‌వర్క్ ఎంచుకోవడం కాదు, నాన్న ఎక్స్ఛేంజ్ తీసుకునే నెట్‌వర్క్ ఎంచుకోవడం ముఖ్యం. నాన్న ఫోన్‌లో డిపాజిట్ పేజీ తెరిపించి, కాయిన్ పేరు, నెట్‌వర్క్ పేరు, అడ్రస్ మూడూ ఒకే స్క్రీన్‌షాట్‌లో తీసుకోండి. అడ్రస్ చూసి నెట్‌వర్క్ పోల్చుకోవచ్చు అనుకోవద్దు. ట్రాన్ అడ్రస్ `T` తో మొదలవుతుంది, దాన్ని గుర్తుపట్టొచ్చు. కానీ ఎథీరియం, పాలిగాన్, బేస్, ఆర్బిట్రమ్ అన్నిటికీ అడ్రస్ `0x` తోనే మొదలై 42 అక్షరాలు ఉంటుంది. నాన్న ఎక్స్ఛేంజ్ ఎథీరియం మాత్రమే తీసుకుంటుంటే మీరు బేస్ మీద పంపినా అడ్రస్ తప్పని ఏ యాపూ అడ్డుకోదు. ట్రాన్సాక్షన్ సక్సెస్ అని చూపిస్తుంది, నెట్‌వర్క్ లావాదేవీలను అందరికీ చూపించే బ్లాక్ ఎక్స్‌ప్లోరర్ సైటులో కాయిన్ ఆ అడ్రస్‌లోనే ఉంటుంది, నాన్న బ్యాలెన్స్ మాత్రం సున్నా. తప్పు నెట్‌వర్క్‌కు ఇదే గుర్తు. అప్పుడు ఎక్స్ఛేంజ్ సపోర్ట్‌కు ఆ లావాదేవీ గుర్తింపు సంఖ్యను, అంటే ట్రాన్సాక్షన్ హ్యాష్‌ను పంపి వెనక్కి తీయించమని అడగడం తప్ప దారి లేదు. కొందరు ఫీజు తీసుకుని చేస్తారు, కొందరు చేయరు.

పాలిగాన్‌లో ఇంకో చిక్కు. అక్కడ సర్కిల్ కంపెనీ నేరుగా జారీ చేసిన `USDC` ఒకటి, ఎథీరియం నుంచి వంతెన దాటి వచ్చిన `USDC.e` ఒకటి. రెండూ వేర్వేరు టోకెన్లు. డిపాజిట్ పేజీలో ఏది రాసి ఉంటే అదే పంపాలి.

ముందు పది డాలర్లు పంపండి. అది నాన్న బ్యాలెన్స్‌లో కనిపించి, అందులో కొంత అమ్మి, రూపాయలు బ్యాంకు అకౌంట్లో పడేదాకా ఆగండి. కాయిన్ చేరితే సరిపోదు. అమ్మకం, బ్యాంకుకు మార్పిడి రెండూ ఆ ఎక్స్ఛేంజ్‌లో ఇవాళ పనిచేస్తున్నాయో లేదో కూడా తేలాలి. విత్‌డ్రాయల్ ఫీజు రెండుసార్లు పడుతుంది, పడనివ్వండి.

రెండోసారి పంపేటప్పుడు హిస్టరీలోంచి అడ్రస్ కాపీ చేయకండి. మీరు సొంత వాలెట్ నుంచి పంపుతుంటే ఈ ప్రమాదం మరీ ఎక్కువ. మీ అడ్రస్‌కు సున్నా విలువతో ఒక ట్రాన్సాక్షన్ వచ్చి పడి ఉంటుంది, దాని అడ్రస్‌లో మొదటి నాలుగు అక్షరాలు, చివరి నాలుగు అక్షరాలు అచ్చం నాన్న అడ్రస్‌లాగే ఉంటాయి. మోసగాళ్లు అలాంటి అడ్రస్‌లను కావాలనే తయారుచేసి మీ హిస్టరీలో చొప్పిస్తారు. ప్రతిసారీ డిపాజిట్ పేజీ నుంచే తీసుకోండి, మధ్య అక్షరాలు కూడా చూడండి.

నాలుగో అడుగు: ఇండియా వైపు అమ్మకం

ఎక్స్ఛేంజ్ అకౌంట్ నాన్న పేరు మీద, నాన్న పాన్‌తో, నాన్న బ్యాంకు అకౌంట్‌తో ఉండాలి. 2023 మార్చి నుంచి క్రిప్టో ఎక్స్ఛేంజ్‌లు మనీలాండరింగ్ చట్టం కిందికి వచ్చాయి, కేంద్ర ఆర్థిక శాఖ కింద ఉండే ఎఫ్ఐయూలో నమోదు చేసుకోవాలి. నమోదు లేని ఎక్స్ఛేంజ్ జోలికి పోకండి. కాయిన్ బయటి నుంచి వస్తే పంపినవాళ్లు ఎవరు, ఏ ఎక్స్ఛేంజ్ నుంచి అని అడుగుతారు. అక్కడ మీ పూర్తి పేరు, "కుమారుడు", "బహుమతి" అని ఉన్నదున్నట్టు రాయించండి. ఆ వివరాలు ఇచ్చేదాకా కాయిన్‌ను బ్యాలెన్స్‌లో చేర్చకుండా ఆపుతారు. చేరలేదని కంగారుపడి మళ్లీ పంపడం కంటే ముందు నాన్న ఈమెయిల్ చూడమనండి.

అమ్మేటప్పుడు పెద్దగా కనిపించే బటన్ నొక్కవద్దు. ఇన్‌స్టంట్ సెల్‌లో ఎక్స్ఛేంజ్ తన రేటు తాను చెప్తుంది. అదే యాప్‌లో కాస్త లోపలికి వెళ్తే ఆర్డర్ బుక్ ఉంటుంది, అక్కడ కొనేవాళ్లు రాసిన రేట్లు వరసగా కనిపిస్తాయి. లిమిట్ ఆర్డర్ అంటే "ఇంత రేటు వస్తేనే అమ్ము" అని చెప్పడం. కొనేవాళ్లలో అందరికంటే పైన ఉన్న రేటు 91.00, అమ్మేవాళ్లలో కింద ఉన్నది 91.20 అనుకుంటే, 91.00కి పెడితే వెంటనే తెగుతుంది. ఆ రేటు దగ్గర ఎన్ని కాయిన్లకు కొనేవాళ్లున్నారో పక్కనే రాసి ఉంటుంది. అక్కడ 200 మాత్రమే ఉంటే మీ కాయిన్లలో మిగతావి మార్కెట్ ఆర్డర్‌లో కింది రేట్లకు జారిపోతాయి, లిమిట్ ఆర్డర్‌లో అయితే ఆగుతాయి.

ఇండియాలో డాలరు కాయిన్లు తరచుగా అసలు డాలరు కంటే ఒకటి రెండు రూపాయలో, ఇంకా ఎక్కువో పై రేటుకు నడుస్తాయి. దేశంలోకి సులువుగా తెచ్చుకునే దారి లేకపోవడం, పన్నుల భారం దీనికి కారణాలు. స్టేబుల్‌కాయిన్‌తో పంపితే లాభమని ఎవరైనా అంటే ఆ లాభం దాదాపు అంతా ఈ తేడాలోంచే వస్తుంది. ఆ తేడా రోజూ మారుతుంది, కొన్నిసార్లు ఉండనే ఉండదు. అందుకే మొదటి అడుగులోనే ఆ రోజు ఆర్డర్ బుక్ రేటు కూడా చూసి రాసుకోవాలి.

ఈ తేడా ఇంకా బాగా కనిపించేది పీటూపీలో, అంటే ఎక్స్ఛేంజ్ మధ్యవర్తిగా ఉండి, ఎవరో తెలియని మనిషి నేరుగా నాన్న బ్యాంకు అకౌంట్లో రూపాయలు వేసి కాయిన్ తీసుకునే పద్ధతిలో. దీన్ని అమ్మానాన్నల అకౌంట్‌తో చేయవద్దు. సైబర్ మోసాల్లో దోచుకున్న డబ్బును కాయిన్‌గా మార్చుకోవడానికి మోసగాళ్లు వాడే దారి ఇదే. ఎక్కడో రాజస్థాన్‌లోనో బెంగాల్‌లోనో డబ్బు పోగొట్టుకున్న మనిషి 1930కి ఫోన్ చేస్తే, ఆ డబ్బు వెళ్లిన ప్రతి అకౌంట్‌కూ వరసగా హోల్డ్ పడుతుంది. నాన్న అకౌంట్ ఆ వరసలో మూడోదో నాలుగోదో అయినా చాలు. ఒక్కోసారి ఆ మొత్తం వరకే ఆపుతారు, ఒక్కోసారి మొత్తం అకౌంటే ఆగిపోతుంది. పెన్షన్ పడేది, గ్యాస్ సబ్సిడీ పడేది అదే అకౌంట్ అయితే ఆ ఇంట్లో ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. అంత కష్టం కాయిన్‌కు రెండు రూపాయల కోసం పెట్టడం ఏ లెక్కలోనూ న్యాయం కాదు.

ఎవరైనా ఇప్పటికే చేస్తుంటే కనీసం ఇది చూడాలి: బ్యాంకు స్టేట్‌మెంట్లో డబ్బు వేసిన మనిషి పేరు, పీటూపీ పేజీలో కొనేవాడి పేరు ఒకటేనా అని. "మా తమ్ముడి అకౌంట్ నుంచి వేశాను" అంటే కాయిన్ వదలకుండా ఎక్స్ఛేంజ్‌కు ఫిర్యాదు చేయాలి. అకౌంట్ ఇప్పటికే ఆగి ఉంటే, బ్యాంకు బ్రాంచిలో ఫిర్యాదు అక్‌నాలెడ్జ్‌మెంట్ నంబర్, ఏ రాష్ట్రం, ఏ పోలీసు స్టేషన్ అన్నది రాతపూర్వకంగా అడగండి. వాటితో ఆ దర్యాప్తు అధికారికి ట్రేడ్ వివరాలు, స్టేట్‌మెంట్ జతచేసి రాయాలి. హోల్డ్ తీయమని చెప్పాల్సింది ఆ పోలీసులో కోర్టో, బ్యాంకు తనంతట తాను తీయదు.

రూపాయలు రాగానే ఎక్స్ఛేంజ్‌లో ఉంచకుండా బ్యాంకుకు మార్చేయండి. 2024 జూలైలో వజీర్‌ఎక్స్ అనే ఇండియా ఎక్స్ఛేంజ్‌లో హ్యాకింగ్ జరిగినప్పుడు వాడుకరుల క్రిప్టో విత్‌డ్రాయల్స్ ఏడాదికి పైగా ఆగిపోయాయి.

ఐదో అడుగు: టీడీఎస్, పన్ను

2022 జూలై 1 నుంచి క్రిప్టో అమ్మకం విలువ మీద 1 శాతం టీడీఎస్ కోస్తున్నారు. లాభం మీద కాదు, మొత్తం విలువ మీద. ఇది పోయిన డబ్బు కాదు, నాన్న పాన్ మీద ప్రభుత్వం దగ్గర జమ అయిన డబ్బు, 26ఏఎస్‌లో కనిపిస్తుంది. కానీ వెనక్కి రావాలంటే నాన్న రిటర్న్ వేయాలి. చాలా ఇళ్లలో నాన్నకు పన్ను పడే ఆదాయం ఉండదు, రిటర్న్ వేసే అలవాటూ ఉండదు. పెన్షన్‌కు సులువైన ఐటీఆర్-1 వేస్తున్నా అది పనికిరాదు. క్రిప్టో ఉంటే ఐటీఆర్-2 లాంటిది వేసి, అందులో షెడ్యూల్ వీడీఏలో కొన్న తేదీ, అమ్మిన తేదీ, కొన్న ధర, అమ్మిన ధర నింపాలి.

అసలు సమస్య ఆ "కొన్న ధర" గడిలో ఉంది. క్రిప్టో లాభం మీద పన్ను 30 శాతం, సెస్సు కలిపితే 31.2 శాతం. ఆదాయం ఎంత తక్కువ ఉన్నా కనీస మినహాయింపు పరిమితి దీనికి వర్తించదు. కొన్న ధర తప్ప మరే ఖర్చూ తీసేయనివ్వరు, అంటే నెట్‌వర్క్ ఫీజు, ఎక్స్ఛేంజ్ ఫీజు లెక్కలోకి రావు. ఒక దాని నష్టాన్ని ఇంకో దాని లాభంలో సర్దుకోవడానికీ లేదు. నాన్న ఆ కాయిన్ కొనలేదు, మీరిచ్చారు. కొడుకు తండ్రికిచ్చిన బహుమతి కాబట్టి తీసుకున్నందుకు పన్ను లేదు. అమ్మినప్పుడు మాత్రం కొన్న ధర ఏమిటని ప్రశ్న వస్తుంది.

మీరు కొన్న ధరనే నాన్న కొన్న ధరగా చూపిస్తే లాభం కొద్దిగానే ఉంటుంది. ఉదాహరణకు, విత్‌డ్రాయల్ ఫీజులు పోగా చేరిన 998 కాయిన్లు 91 చొప్పున 90,818కి అమ్మారు, మీకు పడ్డ ధర 90 చొప్పున 89,820. లాభం 998 రూపాయలు, పన్ను 311. కానీ ఆ ధరకు రుజువు లేక, కొన్న ధర సున్నా అని తీసుకుంటే? 90,818 మీద 31.2 శాతం, 28,335 రూపాయలు. మొత్తం ప్రయాణంలో ఇంతకు మించిన ఖర్చు ఇంకోటి లేదు, ఇది ఏ యాప్ ఫీజుల పేజీలోనూ కనిపించదు.

అందుకే ప్రతి పంపకానికీ ఒక ఫోల్డర్ పెట్టి అయిదు కాగితాలు అందులో వేయండి: డాలర్లు పోయినట్టు మీ బ్యాంకు స్టేట్‌మెంట్, ఎక్స్ఛేంజ్ ఇచ్చిన కొనుగోలు రసీదు, ట్రాన్సాక్షన్ హ్యాష్, నాన్న ఎక్స్ఛేంజ్‌లో డిపాజిట్ నమోదు, తేదీతో సంతకం చేసిన బహుమతి లేఖ. కొన్న రోజు ఎస్‌బీఐ డాలరు రేటు ఎంతో కూడా రాసి పెట్టండి. మీ ధరను నాన్న ధరగా తీసుకోవచ్చా అన్నది మీ ఆడిటర్‌తో ముందే మాట్లాడుకోండి, క్రిప్టో బహుమతుల విషయంలో చట్టం మాటలు అంత తేటగా లేవు.

అమెరికా వైపు కూడా చిన్న పని ఉంది. ఫారం 1040 మొదట్లో డిజిటల్ ఆస్తుల ప్రశ్న ఉంటుంది, బహుమతిగా ఇచ్చినా దానికి "అవును" అనే చెప్పాలి. ఒకే మనిషికి ఏడాదిలో 19,000 డాలర్లు దాటి ఇస్తే (2025 పరిమితి) గిఫ్ట్ రిటర్న్ కూడా వేయాలి, పన్ను కట్టాల్సింది ఏమీ లేకపోయినా.

అదే వెయ్యి, సరిగ్గా పంపితే

ఏసీహెచ్‌తో కొన్నందుకు ఖర్చు లేదు, 1,000 యూఎస్‌డీసీ. పది డాలర్ల పరీక్ష, తర్వాత మిగతాది, రెండు విత్‌డ్రాయల్స్‌కు డాలరు చొప్పున పోయి 998. లిమిట్ ఆర్డర్‌తో 91కి అమ్మితే 90,818. ఫీజు 0.2 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 214. టీడీఎస్ 908. బ్యాంకుకు 10. చేతికి 89,686. టీడీఎస్ వెనక్కి వచ్చి, 311 పన్ను పోతే చివరికి 90,283.

రెమిటెన్స్ యాప్ 89,500 ఇచ్చేది. తేడా 783 రూపాయలు. ఆ ఏడాదికి ఐటీఆర్-2 వేయడానికి ఆడిటర్ గారి ఫీజు ఇంతకంటే ఎక్కువే అవుతుంది, టీడీఎస్ డబ్బు రిఫండ్ వచ్చేదాకా నెలల తరబడి ఆగుతుంది. ఆర్డర్ బుక్‌లో ఆ రోజు రేటు 91 కాకుండా 90 ఉంటే ఆ తేడా 98 రూపాయలకు పడిపోతుంది. అమెరికా నుంచి ఇండియాకు, జీతం అకౌంట్ నుంచి, నెలనెలా ఇంటి ఖర్చులకు పంపేవాళ్లకు నా సలహా సూటిగా చెప్తాను: రెమిటెన్స్ యాప్‌తోనే పంపండి.

లెక్క మారేది జీతమో, కాంట్రాక్ట్ డబ్బో నేరుగా యూఎస్‌డీసీలో తీసుకునేవాళ్లకు. వాళ్లకు డాలరును కాయిన్‌గా మార్చే ఖర్చు ముందే లేదు. అయినా కాయిన్‌ను ఇండియాకు పంపనక్కర్లేదు. అమెరికన్ ఎక్స్ఛేంజ్‌లో ఒకటికి ఒకటి చొప్పున డాలర్లుగా మార్చి, మీ బ్యాంకుకు తెచ్చుకుని, అక్కడి నుంచి రెమిటెన్స్ యాప్‌లో పంపితే నాన్న పాన్ మీద టీడీఎస్ ఉండదు, షెడ్యూల్ వీడీఏ ఉండదు, విదేశీ సొమ్ము వచ్చినట్టు కాగితమూ అడిగితే దొరుకుతుంది. కాయిన్ మీ చేతికొచ్చిన రోజు దాని డాలరు విలువ ఎంతో రాసి పెట్టుకోండి, ఆ రోజు విలువే మీ ఆదాయం, తర్వాత మార్చినప్పుడు అదే మీ కొన్న ధర.